బోరుకి రెండింతల బలమున్న 'కష్టం' ఉందా? కొలవని కారణం మీద సెన్సిటివిటీ లెక్క

ప్రశ్న: గుణుపూర్ చుట్టుపక్కల 15 ఊళ్ళలో 420 మంది పత్తి రైతుల్ని సర్వే చేశాను. రైతు ఉత్పత్తిదారుల సంఘంలో చేరినవాళ్ళకి ఎకరాకి 0.84 క్వింటాళ్ళు ఎక్కువ వస్తోంది, స్టాండర్డ్ ఎర్రర్ 0.21. విస్తీర్ణం, వయసు, చదువుకున్న ఏళ్ళు, బోరు, ఊరు కంట్రోల్ చేశాను. బోరు టి విలువ దిగుబడి రిగ్రెషన్‌లో 6.29, సభ్యత్వం మీద వేసిన రిగ్రెషన్‌లో 3.52. "కష్టపడే రైతే సంఘంలో చేరతాడు, ఆ దిగుబడి అతని కష్టానిది, సంఘానిది కాదు" అంటున్నారు మా గైడ్. కష్టాన్ని నేను కొలవలేదు. ఇప్పుడేం చెప్పాలి సార్?

జవాబు:

కొలవనిదాన్ని కంట్రోల్ చెయ్యలేం. కానీ అది ఎంత బలంగా ఉంటే మీ 0.84 చెరిగిపోతుందో మాత్రం లెక్క కట్టవచ్చు. దానికి మీరిచ్చిన అంకెలు చాలు.

తేలేది ఇదీ: ఆ 'కష్టం' అనేది మీ డేటాలో బోరుకి ఉన్నంత బలంగా ఉందనుకుంటే 0.84 కాస్తా 0.60కి దిగుతుంది, అయినా నిలబడుతుంది. బోరుకి రెండింతలు ఉంటే 0.35 దగ్గర ఆగుతుంది, కానీ స్టాటిస్టికల్ సిగ్నిఫికెన్స్ పోతుంది. మూడింతలైతే దాదాపు సున్నా. కాబట్టి మీ ఫలితం పేకమేడ కాదు, రాతికోటా కాదు. గైడ్‌గారికి చెప్పాల్సింది "కష్టం ప్రభావం లేదు" అని కాదు. "కష్టం బోరుకి దాదాపు రెండింతల బలంతో ఉంటేనే మీ అభ్యంతరం నెగ్గుతుంది, అంత ఉంటుందా?" అని అడగాలి. అక్కణ్ణించి మాట వ్యవసాయం మీదకి మళ్ళుతుంది. మళ్ళాల్సింది కూడా అక్కడికే.

రెండు కాళ్ళూ ఉండాలి

దాగిన కారణం ఏదైనా మీ అంచనాని తప్పుదోవ పట్టించాలంటే రెండు పనులు ఒకేసారి చెయ్యాలి. ఎవరు సంఘంలో చేరతారన్నదాన్ని లాగాలి, దిగుబడినీ లాగాలి. ఒక కాలు లేకపోతే అది నిలబడదు. గులాబీ పురుగు ఒక రైతు చేనుని తినేసి పక్క చేనుని వదిలేసిందనుకోండి. దిగుబడి మీద దాని దెబ్బ పెద్దదే. కానీ ఆ పురుగు సభ్యుడా కాదా అని చూసి తినదు కదా, అందుకని మీ 0.84ని అది ఒక పక్కకి లాగదు. స్టాండర్డ్ ఎర్రర్ పెంచుతుంది, అంతే. "ఇది కంట్రోల్ చెయ్యలేదు, అది కంట్రోల్ చెయ్యలేదు" అని వచ్చే అభ్యంతరాల్లో చాలా వాటికి రెండో కాలు ఉండదు. గైడ్‌గారి మాటకి మాత్రం రెండూ ఉన్నాయి, అందుకే తీసిపారెయ్యకూడదు.

ఈ తరహా వాదన కొత్తదేమీ కాదు. సిగరెట్టుకీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ ఉన్న సంబంధం నిజం కాదనీ, రెండింటికీ మూలం మనిషి పుట్టుకలోనే ఉండొచ్చనీ గణాంకశాస్త్రంలో పెద్ద తలకాయ ఫిషర్ వాదించాడు. 1959లో కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు దానికి అంకెతో జవాబిచ్చారు: పొగ తాగేవాళ్ళకి ముప్పు 9 రెట్లు ఉన్నప్పుడు, అదంతా పుట్టుకలోని ఒక లక్షణం వల్లే అయితే, ఆ లక్షణం తాగనివాళ్ళలో కంటే తాగేవాళ్ళలో కనీసం 9 రెట్లు ఎక్కువగా ఉండాలి. అలాంటిదేదో చూపించండి అన్నారు. ఎవరూ చూపించలేకపోయారు. మీరు చెయ్యబోయేదీ ఇదే, కాకపోతే మీది అవును-కాదు ఫలితం కాదు, క్వింటాళ్ళు. అందుకని సూత్రం మారుతుంది.

లీనియర్ రిగ్రెషన్‌కి ఆ సూత్రాన్ని ఇప్పుడు అందరూ వాడే రూపంలో పెట్టింది సినెల్లీ, హాజ్లెట్‌ల 2020 పేపరు. అందులో బలాన్ని కొలిచే కొలబద్ద పార్షియల్ ఆర్-స్క్వేర్. అంటే, మీ కంట్రోళ్ళన్నీ తమ వాటా తీసుకున్నాక ఇంకా వివరణ లేకుండా మిగిలిన హెచ్చుతగ్గుల్లో ఈ దాగినది ఒక్కటే ఎంత శాతాన్ని వివరిస్తుందన్నది. సభ్యత్వం వైపు ఒకటి, దిగుబడి వైపు ఒకటి, ఇలా రెండు అంకెలు. కింద `R2_D` అంటే సభ్యత్వం వైపు వాటా, `R2_Y` అంటే దిగుబడి వైపు వాటా, `bias` అంటే దాగినది మీ అంచనాని పక్కకి లాగే మేర, అంటే వక్రత.

```
bias = SE * sqrt(df) * sqrt( R2_Y * R2_D / (1 - R2_D) )
```

మీ `df` ఎంత? 420 మంది. అంచనా వేసిన గుణకాలు 20: స్థిరాంకం ఒకటి, సభ్యత్వం ఒకటి, విస్తీర్ణం, వయసు, చదువు, బోరు కలిపి నాలుగు, 15 ఊళ్ళకి 14. మిగిలింది 400. దాని వర్గమూలం 20, దాన్ని 0.21తో గుణిస్తే 4.2. ఇక మీ కేసులో మారేది కుడివైపున్న ఆ రెండు వాటాలే.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోండి. ఊరు కంట్రోల్ చేశారు కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య ఉన్న తేడాలన్నీ, అంటే ఆ ఏడు ఏ ఊళ్ళో వాన బాగా పడింది, ఏ ఊరు మండీకి దగ్గర అన్నవి, ఇప్పటికే తీసేసినట్టే. దాగినది పనిచెయ్యాల్సింది ఒకే ఊళ్ళో ఇద్దరు రైతుల మధ్య. "పద్మపూర్ వైపు రైతులు వేరండీ" అనే అభ్యంతరం మీ మోడల్‌కి తగలదు. "ఆ ఊళ్ళోనే కష్టపడేవాళ్ళు చేరారు" అన్నది తగులుతుంది.

రోబస్ట్‌నెస్ వాల్యూ: మొదటి అంకె

రెండు వాటాలూ సమానమనుకుంటే, ఎంత ఉంటే మీ అంచనా సరిగ్గా సున్నా అవుతుంది? దాన్నే రోబస్ట్‌నెస్ వాల్యూ, పొట్టిగా ఆర్‌వీ అంటారు. మీ టి విలువ 0.84/0.21, అంటే 4. చేత్తో వేసుకోవచ్చు:

```
f  = t / sqrt(df) = 4.0 / 20 = 0.2
RV = 0.5 * ( sqrt(f^4 + 4*f^2) - f^2 )
   = 0.5 * ( sqrt(0.0016 + 0.16) - 0.04 )
   = 0.181
```

అంటే సభ్యత్వంలో మిగిలిన హెచ్చుతగ్గుల్లో 18.1 శాతం, దిగుబడిలో మిగిలిన హెచ్చుతగ్గుల్లో 18.1 శాతం రెండూ వివరించే కారణం ఉంటే 0.84 పూర్తిగా పోతుంది. సున్నా దాకా అక్కర్లేదు, 5 శాతం స్థాయిలో సిగ్నిఫికెన్స్ పోతే చాలనుకుంటే ఆ అంకె 9.7 శాతం. రెండూ రాయండి. పెద్దది మాత్రమే రాసి చిన్నది దాచేవాళ్ళున్నారు, చదివేవాళ్ళు వెంటనే పట్టేస్తారు.

ఇక్కడ ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఏమిటంటే, 18.1ని గడపలాగా చూడడం: "సభ్యత్వం వైపు 18 శాతం కన్నా తక్కువుంటే భయం లేదు" అనుకుంటారు. అది తప్పు. ఒక కాలు బలహీనమైతే రెండోది బలంగా ఉండి పూడ్చుకోగలదు. సభ్యత్వం వైపు 10 శాతమే ఉండి దిగుబడి వైపు 40 శాతం ఉందనుకోండి. సూత్రంలో వేస్తే వక్రత 0.885 వస్తుంది, మీ 0.84 మొత్తం పోయినట్టే. అదే 5 శాతం, 60 శాతం అయితే 0.75 వస్తుంది, ఇంకా కొంచెం మిగులుతుంది. ఆర్‌వీ అన్నది రెండు కాళ్ళూ సమానంగా ఉన్న ఒక్క బిందువు. మొత్తం గీత కావాలంటే కాంటూర్ ప్లాట్ చూడాలి.

ఇంకో అంచు కూడా ఉంది. మీ సభ్యత్వానికీ దిగుబడికీ మధ్య పార్షియల్ ఆర్-స్క్వేర్ 16/416, అంటే 3.85 శాతం. దాగినది దిగుబడిలో మిగిలినదంతా నూటికి నూరుపాళ్ళు వివరించేసినా, సభ్యత్వం వైపు కనీసం 3.85 శాతం లేకపోతే మీ ఫలితాన్ని సున్నా చెయ్యలేదు. నూరుపాళ్ళు ఎవరూ ఒప్పుకోరు, కానీ వాదనలో నేల ఎక్కడుందో తెలుస్తుంది.

బోరుతో పోల్చడం: అసలు పని ఇది

18.1 ఎక్కువా తక్కువా? ఆ అంకె ఒక్కటే చూస్తే ఎవరూ చెప్పలేరు. అందుకే మీరు కొలిచిన ఒక చలరాశిని పక్కన నిలబెట్టి పోల్చాలి. బోరుని ఎంచుకోవడం మంచి నిర్ణయం. ఈ వైపు పత్తి ఎక్కువగా వాన మీదే బతుకుతుంది కాబట్టి పూత, కాయ దశలో ఒక్క తడి ఇవ్వగలిగినవాడికీ ఇవ్వలేనివాడికీ తేడా పెద్దదని అందరూ ఒప్పుకుంటారు. పోలికకి అలాంటిదే కావాలి.

బోరు వాటాలు టి విలువల నుంచే వస్తాయి: టి వర్గాన్ని, టి వర్గం కూడిక `df`తో భాగించాలి. దిగుబడి వైపు 39.56/439.56, అంటే 9 శాతం. సభ్యత్వం వైపు `df` ఒకటి ఎక్కువ (401), ఎందుకంటే అందులో సభ్యత్వం కుడివైపు ఉండదు. అక్కడ 3 శాతం వస్తుంది. ఇక R లో:

```r
library(sensemakr)
m <- lm(yield ~ fpo + area + age + edu + bore + factor(village), data = d)
s <- sensemakr(model = m, treatment = "fpo",
               benchmark_covariates = "bore", kd = 1:3)
summary(s)
plot(s)
plot(s, sensitivity.of = "t-value")
```

మీ అంకెలతో నేను చేత్తో వేస్తే వచ్చింది ఇదీ (దశాంశాల దగ్గర మీకు కాస్త అటూఇటూ రావచ్చు):

```
          R2_D    R2_Y    estimate   SE      t
1x bore   0.031   0.105   0.597      0.202   2.95
2x bore   0.062   0.211   0.345      0.193   1.79
3x bore   0.093   0.317   0.084      0.182   0.46
```

మొదటి వరసలో 9 కాకుండా 10.5 ఎందుకొచ్చిందని అడుగుతారు. దాగినదానికి బోరుతో సంబంధం లేదన్న ఊహతో, "బోరు ఎంతో, అదీ అంతే" అన్నదాన్ని ప్యాకేజీ కంట్రోళ్ళన్నీ ఉన్న మోడల్‌లోకి మార్చి రాస్తుంది, అందుకే కొంచెం పెరుగుతుంది. చేత్తో 9, 3 నేరుగా సూత్రంలో వేసేసి "ప్యాకేజీకి నాకూ కుదరలేదు" అని కంగారుపడొద్దు.

శాతాల్ని రైతుల్లోకి మార్చండి

గైడ్‌గారు పార్షియల్ ఆర్-స్క్వేర్ వినగానే కళ్ళు మూసుకుంటారు. ఇలా చెప్పండి. ఊళ్ళో సగం మంది కష్టపడేవాళ్ళు, సగం మంది కాదు అనుకుందాం. మొత్తమ్మీద సగం మంది సంఘంలో చేరారనుకుందాం. అప్పుడు సభ్యత్వం వైపు వాటాకి వర్గమూలం తీస్తే, రెండు గుంపుల్లో చేరినవాళ్ళ నిష్పత్తుల మధ్య తేడా వచ్చేస్తుంది. ఇది ఉజ్జాయింపే, కానీ మనసుకి పడుతుంది.

బోరంత బలం (3.1 శాతం) అంటే: కష్టపడేవాళ్ళలో నూటికి 59 మంది చేరారు, మిగతావాళ్ళలో 41 మంది. రెండింతలంటే 62, 38. మూడింతలంటే 65, 35. ఆర్‌వీ దగ్గరికి, అంటే 18.1కి, వెళ్ళాలంటే 71, 29 కావాలి.

దిగుబడి వైపు కూడా అలాగే. మీ అవుట్‌పుట్‌లో రెసిడ్యువల్ స్టాండర్డ్ ఎర్రర్ చూడండి. మీ స్టాండర్డ్ ఎర్రర్‌ని బట్టి అది 1.9 క్వింటాళ్ళ దగ్గర ఉండొచ్చు, ఉన్నదే వేసుకోండి. వాటాకి వర్గమూలం తీసి, దాన్ని రెండింతల 1.9తో గుణిస్తే, కష్టపడేవాడికీ కానివాడికీ ఎకరాకి ఎంత తేడా ఉండాలో వస్తుంది. బోరంత బలానికి సుమారు 1.2 క్వింటాళ్ళు. రెండింతలకి 1.7. మూడింతలకి 2.1.

ఇప్పుడు ప్రశ్న మామూలు తెలుగులోకి వచ్చేసింది: ఒకే ఊళ్ళో, ఒకే విస్తీర్ణంలో, ఇద్దరికీ బోరుండగా లేదా ఇద్దరికీ లేకుండగా, కష్టం ఒక్కదానివల్లే ఎకరాకి 1.7 క్వింటాళ్ళు తేడా వస్తుందా? వస్తే, అలాంటివాళ్ళు 62కి 38 చొప్పున సంఘంలో చేరారా? ఈ రెండూ ఒకేసారి నిజమైతే మీ ఫలితం సిగ్నిఫికెన్స్ కోల్పోతుంది.

నా లెక్కలో ఇందులో 62-38 పెద్ద వింతేమీ కాదు. సంఘాల్లో చేరేవాళ్ళలో అంతమాత్రం ఎంపిక జరుగుతూనే ఉంటుంది. 1.7 క్వింటాళ్ళే మింగుడుపడదు. కలుపు సకాలంలో తీసినవాడికీ తీయనివాడికీ తేడా ఉంటుంది నిజమే, కానీ బోరుకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు, మీ సంఘం ప్రభావానికి రెండింతలు, 'కష్టం' ఒక్కదానికే ఇవ్వడానికి చేతులు రావు. కాబట్టి గైడ్‌గారు అన్న ఆ ఒక్క కారణం మీ అంచనాని తగ్గిస్తుంది, తుడిచెయ్యదు అని రాయవచ్చు.

కానీ అక్కడితో బయటపడలేరు. దాగినది ఒక్క కష్టమే అని ఎవరన్నారు? మిమ్మల్ని భయపెట్టాల్సింది నేల. వంశధార ఒడ్డున ఒండ్రు ఉన్న మడి, అదే ఊళ్ళో గుట్టవాలున్న డొంగరు చేను, రెండింటికీ ఊరి కంట్రోల్ ఒకటే. బోరు వేసేదీ పల్లంలోనే ఎక్కువ కాబట్టి కొంత నేల తేడా బోరు గుణకంలోకి వెళ్ళిపోయి ఉంటుంది, మిగతాది దాగే ఉంది. ఇంకోటి పట్టా. సంఘం చేర్చుకునేటప్పుడు భూమి కాయితం అడిగితే భాగానికి చేసేవాడు బయటే ఉండిపోతాడు, వాడికి ఎరువు మీద పెట్టుబడి పెట్టే ధైర్యమూ తక్కువ. కష్టం, నేల, పట్టా మూడూ ఒకే పక్కకి లాగితే కలిపి బోరుకి రెండింతలు దాటడం కష్టమేం కాదు. సూత్రంలోని దాగిన చలరాశిని ఈ మూడింటి మూటగా చదవాలి. ఒక్కొక్కటీ విడివిడిగా "బోరంత లేదు, బోరంత లేదు" అనుకుంటూ పోతే మోసపోతారు.

ఇంత ఉంటే గట్టిది అనే గీత లేదు

"ఆర్‌వీ 10 శాతం దాటితే ఫలితం గట్టిది" అని ఎక్కడో చదివి రాసేస్తుంటారు. అలాంటి గీత లేదు. ఆ ప్యాకేజీలోనే `darfur` అనే డేటా ఉంది. సూడాన్‌లోని డార్ఫూర్‌లో హింసలో గాయపడినవాళ్ళు శాంతి పట్ల ఎలా ఆలోచిస్తారన్నది దాని విషయం. అక్కడ ఆర్‌వీ 13.9 శాతం, మీ 18.1 కన్నా తక్కువ. కానీ వాళ్ళ పోలిక చలరాశి (ఆడవాళ్ళా కాదా అన్నది) మూడింతలు బలంగా ఉన్న దాగిన కారణాన్ని పెట్టినా 0.097లో 0.030 మిగులుతుంది, రెండింతల దగ్గర టి విలువ ఇంకా 2.6. మీది రెండింతల దగ్గరే 1.79కి పడింది. ఎందుకంటే వాళ్ళ పోలిక చలరాశి ఫలితం వైపు బలమైనదే అయినా, ఎవరు గాయపడ్డారన్న వైపు ఒక శాతం కూడా వివరించదు. బోరు మీ దగ్గర రెండు వైపులా పనిచేస్తోంది. రెండు అధ్యయనాల ఆర్‌వీలు పక్కపక్కన పెట్టి ఎవరిది గట్టిదో తేల్చకండి.

ఎక్కడ చెడుతుంది

పోలిక చలరాశి సంఘంలో చేరకముందు స్థిరపడినదై ఉండాలి. ఎరువు బస్తాలు, విత్తనం రకం, పురుగుమందు కొట్టిన సార్లు పోలికకి పెట్టొద్దు, అసలు కంట్రోళ్ళలోకే తేవొద్దు. సంఘం ఇచ్చేదే అవి కదా. సంఘం ఎరువు ఇప్పించింది, ఎరువు దిగుబడి పెంచింది అంటే అది సంఘం ప్రభావమే, దాన్ని కంట్రోల్ చేస్తే మీ ఫలితంలో ఒక ముక్కని మీరే నరుక్కున్నట్టు. పోలికకి పెడితే ఇంకా చిక్కు: సభ్యత్వంతో ఎరువుకి సంబంధం ఎలాగూ గట్టిగా ఉంటుంది కాబట్టి "ఎరువంత బలమైన దాగిన కారణం" అనే మాట భయంకరంగా కనపడి, లేని బలహీనతని చూపిస్తుంది. బోరు కూడా సంఘం ద్వారానే వేయించుకున్నవాళ్ళుంటే ఇదే గొడవ. బోరు ఏ సంవత్సరం వేశారో, ఎప్పుడు చేరారో ఒకసారి చూసుకోండి.

దానికి తిరగేసిన తప్పు బలహీనమైన చలరాశిని పోలికకి ఎంచుకోవడం. వయసు ఎటువైపూ అర శాతం కూడా వివరించకపోతే, "వయసుకి ఐదింతలున్న కారణం కూడా కదిలించలేదు" అని రాయడం సులభం. సున్నాకి ఐదింతలు సున్నాయే. ఎంచుకున్న చలరాశి రెండు వైపుల వాటాలూ రిపోర్టులో కనపడేలా పెట్టండి, చదివేవాళ్ళు తూచుకుంటారు.

స్టాండర్డ్ ఎర్రర్ విషయం. మీరు ఊళ్ళవారీగా క్లస్టర్ చేసిన స్టాండర్డ్ ఎర్రర్ వాడి ఉంటే, ఆ టి విలువని పై సూత్రంలో వెయ్యకండి. ఇక్కడ టి విలువ వాడేది పార్షియల్ ఆర్-స్క్వేర్ తీయడానికి. ఆ సమీకరణం మామూలు ఓఎల్ఎస్ టి విలువకే పనిచేస్తుంది. 18.1, పట్టికలో మిగిలిన అంచనాలు బీజగణితం, వాటిని మామూలు టి విలువతోనే తీయాలి. క్లస్టరింగ్ మారుస్తుంది సిగ్నిఫికెన్స్‌ని: 9.7, పట్టికలోని చివరి రెండు నిలువు వరసలు. 15 ఊళ్ళే కాబట్టి అవి మరింత బలహీనపడొచ్చు. ఊళ్ళని యూనిట్‌గా తీసుకుని బూట్‌స్ట్రాప్ చేసి చూసుకోండి.

గుర్తు కూడా చూడాలి. సూత్రం వక్రత పరిమాణమే చెబుతుంది, దిశ చెప్పదు. మీ దగ్గర సంఘం పనిగట్టుకుని ప్రతి ఊళ్ళోనూ గుట్టవాలు చేలున్న పేద రైతుల్ని చేర్చుకుని ఉంటే, నేల వల్ల వచ్చే వక్రత తలకిందులు: మీ 0.84 తక్కువ అంచనా అవుతుంది. సంఘం ఎవర్ని ఎలా చేర్చుకుందో రెండు పేరాలు రాయకుండా ఈ పట్టిక ఒక్కటే పెడితే సగం పనే.

రిపోర్టులో వాక్యం, ఇంకో రెండు కొలతలు

వాక్యం ఇలా రాసుకోవచ్చు: "కొలవని ఒక కారణం సభ్యత్వంలోనూ దిగుబడిలోనూ మిగిలిన హెచ్చుతగ్గుల్లో చెరో 18.1 శాతం వివరిస్తే అంచనా సున్నా అవుతుంది, చెరో 9.7 శాతం వివరిస్తే 5 శాతం స్థాయిలో సిగ్నిఫికెంట్ కాకుండా పోతుంది. బోరంత బలమున్న కారణం అంచనాని 0.60కి తగ్గిస్తుంది, రెండింతలున్నది 0.35కి తగ్గించి సిగ్నిఫికెన్స్ తీసేస్తుంది. ఒకే ఊళ్ళోని నేల తేడా, పట్టా లేకపోవడం కలిసి ఆ స్థాయికి చేరే అవకాశాన్ని కొట్టెయ్యలేం." చివరి వాక్యం తీసెయ్యమని ఎవరైనా అన్నా తీసెయ్యకండి.

మళ్ళీ ఊళ్ళకి వెళ్ళే వీలుంటే అదే 420 మందిని రెండే ప్రశ్నలు అడగండి: పత్తి వేసిన మడి పల్లమా, మెట్టా, డొంగరా, పట్టా ఎవరి పేరున ఉంది. ఈ రెండూ కష్టం లాంటివి కావు, నోటితో అడిగితే వచ్చేవి. వాటిని కంట్రోళ్ళలో చేర్చాక మిగిలే దాగిన మూట చిన్నదవుతుంది, అప్పుడు పట్టిక మళ్ళీ వెయ్యండి. చేరకముందు ఏడాది పత్తి దిగుబడి దొరికితే ఇంకా మంచిది. మనిషి కష్టం, నేల సత్తువ రెండూ ఆ ఒక్క అంకెలోనే చాలావరకు ఉంటాయి. జ్ఞాపకం మీద చెప్పిన అంకె కన్నా మండీ తూకం చీటీ నమ్మకం.

కష్టాన్ని నేరుగా తడిమి చూసే దారి ఒకటుంది. మీ సంఘం పత్తి మాత్రమే చూసుకుంటే, అవే ఇళ్ళ వరి దిగుబడి తీసుకుని అదే రిగ్రెషన్ వెయ్యండి. సంఘానికి వరితో పనిలేదు. అయినా సభ్యులకి వరి కూడా ఎక్కువ పండుతోందంటే, ఆ ఎక్కువ కష్టానిదో నేలదో అయ్యుండాలి. పత్తిలో మీరు చూస్తున్న 0.84లో కొంత అదేనని గైడ్‌గారి వైపు తూకం మొగ్గుతుంది. వరిలో తేడా సున్నా దగ్గర ఉండి, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కూడా ఇరుకుగా ఉంటే మీ వైపు. ఇంటర్వల్ వెడల్పుగా ఉండి సున్నా మీద పడితే మాత్రం అది మీ వైపూ కాదు, ఆయన వైపూ కాదు. సంఘం ఇచ్చిన యూరియా పత్తికని తీసుకెళ్ళి వరికి చల్లుకునేవాళ్ళుంటారు, అది కూడా అడిగి రాసుకోండి.